అద్దె ఒక్కటే, చెల్లింపులు రెండు: యజమాని బీరువాలో చెక్కు, ఖాతాలో యూపీఐ

గుంటూరులో ఒక చిన్న స్టేషనరీ, జిరాక్స్ దుకాణం అనుకుందాం. నెలకు 40,000 రూపాయల అద్దె. 2025 ఏప్రిల్ నుంచి 11 నెలల ఒప్పందం. ఆ రోజే యజమాని 11 చెక్కులు రాయించుకున్నారు. ప్రతి చెక్కు మీదా ఆయా నెల 5వ తేదీ ఉంటుంది. ఇలాంటి పోస్ట్‌డేటెడ్ చెక్కులు తీసుకోవడం వాణిజ్య అద్దెల్లో మామూలే. నివాస గృహాల విషయంలోనూ అక్కడక్కడా కనిపిస్తుంది.

జూన్‌లో దుకాణదారుకు డబ్బు సర్దుబాటు కాలేదు. చెక్కు వేయొద్దని చెప్పి 15,000 బదిలీ చేశాడు. మిగతా 25,000 జులైలో నగదుగా యజమాని చేతికి ఇచ్చాడు. రసీదు అడగలేదు. జూన్ చెక్కును యజమాని చించేశారు. ఆగస్టులో మళ్లీ అదే పరిస్థితి. 4వ తేదీన యూపీఐలో 25,000 పంపి ఫోన్ చేశాడు: ‘‘బాబాయిగారూ, ఈ నెల చెక్కు బ్యాంకులో వేయకండి. పాతిక వేశాను. మిగతా పదిహేనూ చవితి వెళ్లాక సర్దుతాను.’’ ‘‘అలాగేలే’’ అన్నారు ఆయన. లెక్కలు చూసే కొడుకుకు మాత్రం ఈ మాట చేరలేదు. అతను అలవాటుగా చెక్కు వేశాడు. ఆగస్టు 7న ‘ఖాతాలో తగినంత సొమ్ము లేదు’ అన్న మెమోతో అది వెనక్కి వచ్చింది.

ఇందులో మోసం చేయాలనుకున్నవారెవరూ లేరు. అయినా క్రిమినల్ కేసుకు కావలసిన సరంజామా అంతా సిద్ధమైంది. అద్దెకు చెక్కూ, బ్యాంకు బదిలీ రెండూ వాడేవాళ్లు మొదట గుర్తించాల్సింది ఇదే. చట్టం దృష్టిలో చెక్కు, బదిలీ వేర్వేరు చెల్లింపులు. రెండింటినీ కలిపే రాత ఏదీ లేకపోతే అవి విడిగానే ఉండిపోతాయి.

నోటీసు గడియారం

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ ప్రకారం చెక్కు బౌన్స్ కాగానే నేరం పూర్తికాదు. దానికి మూడు గడువులున్నాయి. చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా యజమాని రాతపూర్వకంగా డబ్బు అడగాలి. ఆ నోటీసు అందిన 15 రోజుల్లోగా అద్దెదారు చెల్లించవచ్చు. చెల్లించకపోతే, ఆ తర్వాత నెలలోగా యజమాని మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి.

మన ఉదాహరణలో నోటీసు పంపడానికి సెప్టెంబరు 6 దాకా గడువుంది. ఆగస్టు 20న లాయరు స్పీడ్ పోస్టులో పంపాడు. 23న దుకాణదారుకు అందింది. అతను చెల్లించడానికి సెప్టెంబరు 7 ఆఖరు. ఆ రోజు దాటితే ఫిర్యాదు హక్కు పుడుతుంది. దానికి అక్టోబరు 8 దాకా సమయం ఉంటుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు కానీ, అది కోర్టు ఇష్టం.

నోటీసు తీసుకోకుండా తప్పించుకోవచ్చనుకోవడం పొరపాటు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు తిరిగి వచ్చినా అందినట్టే భావించవచ్చని సుప్రీంకోర్టు 2007లో సి.సి. అలవి హాజీ కేసులో చెప్పింది. అలా తిప్పిపంపినవారు ఆ 15 రోజుల అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

ఆ పాతిక వేలు ఏ నెలవి?

నోటీసులో మొత్తం 40,000 అడిగారు. ‘పాతిక ముందే ఇచ్చాను కదా’ అన్నది దుకాణదారు వాదన. దీనికి బలమైన ఆధారమే ఉంది. గుజరాత్ నుంచి వచ్చిన దశరథ్‌భాయ్ త్రికమ్‌భాయ్ పటేల్ కేసులో 20 లక్షల చెక్కు ఇచ్చిన వ్యక్తి, దాన్ని బ్యాంకులో వేసేలోపే నాలుగు లక్షల పైచిలుకు తీర్చాడు. అయినా మొత్తం 20 లక్షలకే చెక్కు వేశారు, నోటీసూ అంతకే ఇచ్చారు. బ్యాంకులో వేసిన రోజున ఉన్న బాకీకీ, చెక్కు మీది మొత్తానికీ పొంతన లేదు కాబట్టి ఇది 138 కిందికి రాదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. కొంత సొమ్ము ముట్టినప్పుడు ఆ సంగతి చెక్కు మీద రాసి, మిగతా మొత్తానికే దాన్ని వాడుకోవాలని చెప్పింది. చెక్కుల మీద దిద్దుబాట్లంటే బ్యాంకులు ఇష్టపడవు కనుక, ఆచరణలో పాత చెక్కు తిరిగిచ్చి మిగతా మొత్తానికి కొత్తది తీసుకోవడమే సులువు.

అయితే కొడుకు తన లెక్క చూపించాడు. జూన్‌లో ఖాతాకు వచ్చింది 15,000 మాత్రమే. జులైలో నగదు ముట్టినట్టు ఎక్కడా లేదు. కాబట్టి ఆగస్టు 4న వచ్చిన 25,000 జూన్ బకాయి కింద జమ చేసుకున్నామని అంటున్నాడు. ఈ మాట నిలిస్తే ఆగస్టు అద్దె 40,000 మొత్తం బాకీనే, చెక్కు సరైనదే.

దీనికి జవాబు మన కాంట్రాక్టు చట్టంలోని 59, 60, 61 సెక్షన్లలో ఉంది. ఒకరికి రెండు మూడు బాకీలు ఉన్నప్పుడు, డబ్బు ఇచ్చేవారు ఇది ఫలానా బాకీకి అని చెబితే, పుచ్చుకున్నవారు దానికే జమ చేయాలి. చెప్పకపోతే, పరిస్థితులను బట్టి కూడా తెలియకపోతే, పుచ్చుకున్నవారు తమకు నచ్చిన బాకీకి జమ చేసుకోవచ్చు. ఇద్దరూ చెప్పకపోతే పాత బాకీకి ముందు వెళ్తుంది. అంటే రాత లేనప్పుడు చట్టం మొగ్గు చూపేది పాత బకాయి వైపే. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం లేదు. జులై నగదుకు రసీదు లేదు. యూపీఐ పంపేటప్పుడు రిమార్కు గడిలో ‘ఆగస్టు 2025 అద్దెలో భాగం’ అని నాలుగు మాటలు రాసి ఉంటే కథ వేరుగా ఉండేది.

చెక్కు మీద సంతకం తనదేనని ఒప్పుకున్న తర్వాత, అది చట్టబద్ధమైన బాకీకే ఇచ్చారని 139వ సెక్షన్ కింద కోర్టు ముందే భావిస్తుంది. కాదని చూపే భారం అద్దెదారుదే. నిస్సందేహంగా రుజువు చేయనక్కర్లేదు, తన మాట నమ్మదగినదని చూపితే చాలని 2010లో రంగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలా చూపించడానికైనా చేతిలో కాగితం ఉండాలి.

రుజువు అంటే ఏది?

ఫోన్‌లోని స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోవడం మంచిది కాదు. అది డబ్బు బయలుదేరినట్టు చూపవచ్చు, చేరినట్టు కాదు. అసలు రుజువు బ్యాంకు స్టేట్‌మెంట్. అందులో యూటీఆర్ నంబరు, తేదీ, ఎవరి ఖాతాకు వెళ్లిందో ఉంటాయి. బ్యాంకు ధ్రువీకరించిన ప్రతిని కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. వాట్సాప్ సంభాషణను సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. కనుక ఫోన్ మార్చేటప్పుడు పాత సంభాషణలు పోకుండా చూసుకోవాలి.

ఒప్పందంలో ఉన్నది తండ్రి పేరు, బదిలీ చేసింది కొడుకు ఖాతాకు. ఇదీ తరచూ జరిగేదే. అప్పుడు ఆ సొమ్ము అద్దెకేనని మళ్లీ విడిగా నిరూపించుకోవాల్సి వస్తుంది. ‘అద్దె ఈ ఖాతాకు వేయండి’ అన్న యజమాని సందేశం ఒక్కటి ఉంటే ఆ గొడవ ఉండదు. బదిలీ చేసిన రోజే పంపే మెసేజ్‌లో నెల, మొత్తం, యూటీఆర్, దానికి బదులుగా ఆపాల్సిన చెక్కు నంబరు ఉండాలి. ‘ముట్టింది’ అన్న ఒక్క మాట జవాబుగా వస్తే అదే రసీదు.

‘చెల్లింపు ఆపండి’ అని బ్యాంకుకు చెబితే సరిపోదా? చాలదు. అలా ఆపినా 138 వర్తించవచ్చని సుప్రీంకోర్టు 1998లోనే మోదీ సిమెంట్స్ కేసులో తేల్చింది. ఖాతాలో డబ్బు ఉండి, బాకీ లేదని చూపగలిగితేనే అది రక్షణ. అంటే మళ్లీ కాగితం దగ్గరికే వస్తాం. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చిన చెక్కుకూ ఇదే సూత్రం. మొత్తం ఎవరు రాశారన్న దానితో నిమిత్తం లేకుండా బాకీకే ఇచ్చినట్టు భావించవచ్చని 2019లో బీర్‌సింగ్ కేసు చెబుతోంది. అందుకే ఇల్లు, దుకాణం ఖాళీ చేసేటప్పుడు తాళాలు ఇచ్చే రోజే వాడని చెక్కులు నంబర్లు సరిచూసుకుని వెనక్కి తీసుకోవాలి.

కోర్టుకు వెళ్తే

నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. విచారణ నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు తాత్కాలిక పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. కేసు నడిచేది యజమాని ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులో. యజమాని ఖాతా హైదరాబాద్‌లో ఉంటే గుంటూరు దుకాణదారు అక్కడికి తిరగాలి. దీనికి తోడు, చెక్కు చెల్లకపోతే అద్దె కట్టనట్టే లెక్క. బాకీ వసూలుకు, ఖాళీ చేయించడానికి యజమానికి వేరే దారులు అలాగే ఉంటాయి.

కోర్టుల్లో ఇలాంటి కేసులు లక్షల్లో పేరుకుపోయాయి. 2025 సెప్టెంబరులో సంజాబిజ్ తారి కేసులో సుప్రీంకోర్టు, నిందితులు మొదట్లోనే చెక్కు సొమ్ము ఆన్‌లైన్‌లో కట్టేసి బయటపడే ఏర్పాటు చేయాలని జిల్లా కోర్టులకు చెప్పింది. ఎంత ఆలస్యంగా రాజీకి వస్తే అంత ఎక్కువ ఖర్చు పడేలా శాతాలనూ సవరించింది. బాకీ నిజమైతే త్వరగా కట్టేయడమే మేలన్నది ఇందులోని సూచన.

మన దుకాణదారుకు సెప్టెంబరు 7 లోపు రెండు దారులున్నాయి. తన లెక్క ప్రకారం 15,000 కట్టి, మిగతా పాతికకు రుజువులు జతచేసి జవాబు పంపడం ఒకటి. కోర్టు యజమాని లెక్కనే నమ్మితే అది చాలదు. రెండోది, 40,000 మొత్తం కట్టేసి, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, ఆగస్టు 4న పంపిన 25,000 వచ్చే అద్దెలో సర్దుబాటు చేయండి’ అని రాతలో చెప్పడం. రుజువు బలహీనంగా ఉన్న అతనికి రెండోదే క్షేమం. అప్పుడు గొడవ మిగిలినా అది లెక్కల గొడవే, క్రిమినల్ కేసు కాదు.

అతనివి సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంకా ఆరు చెక్కులు యజమాని బీరువాలోనే ఉన్నాయి.