చైను తోముతున్నారా... ముందు గుండీ చూడండి!

కార్తీక పౌర్ణమికి విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఓ రిటైర్డు మాస్టారు కుటుంబంతో మంగినపూడి బీచ్‌కి వెళ్లారు. సముద్రస్నానమయ్యాక చూసుకుంటే చేతికున్న స్టీలు వాచీ చైనులో ఇసుక, ఉప్పు. కొడుకు కొనిచ్చిన వాచీ మరి! ఇంటికి రాగానే వేణ్నీళ్లలో సర్ఫు కలిపి, వాచీ మొత్తం ముంచి, బ్రష్షుతో తోమేశారు. తళతళలాడింది. తెల్లారేసరికి అద్దం లోపల మంచుపొర!

ఉప్పునీళ్లు తగిలాక కడగాలనుకోవడం మంచిదే. తప్పు జరిగింది వేరేచోట. రెండ్రోజుల క్రితం టైము సరిచేసినప్పుడు ఆయన పక్కనున్న గుండీని లోపలికి నొక్కారు కానీ బిగించలేదు. మెకానిక్కులు క్రౌన్ అనేది ఈ గుండీనే. నీళ్లకు తట్టుకునే చాలా వాచీల్లో దీనికి సీసా మూతలా మరలుంటాయి. తిప్పి బిగిస్తేనే లోపలికి దారి గట్టిగా మూసుకునేది.

ఆ దారిలోనే కాదు, వెనక మూత దగ్గరా, అద్దం చుట్టూ కూడా సన్నటి గ్యాస్కెట్లు ఉంటాయి. కుక్కరు గ్యాస్కెట్ తెలుసుగా? కొన్నాళ్లకి గట్టిపడి, ఆవిరి వదిలేస్తుంది. వాచీలోదీ అంతే. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే ద్రవం తగిలితే ఇంకా తొందరగా పాడవుతుంది. వేడినీళ్లతో మరో చిక్కుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. వాచీ చల్లబడేటప్పుడు సంకోచించి, చిన్న సందు దొరికినా తేమను లోపలికి లాక్కుంటుంది. మే నెల ఎండలో బండి మీద కాలిపోయిన వాచీని బోరునీళ్ల కింద పెట్టినా అదే ప్రమాదం. అరగంట నీడలో ఉంచాకే కడగాలి.

మరి శుభ్రం చేసేదెలా? మొదట గుండీ చూడండి. అది పూర్తిగా బిగిసి ఉండాలి. వదులుగా ఉంటే బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కి, ముందు వెనక్కి, అంటే ఎడమవైపు తిప్పండి. మర కుదురుకున్నప్పుడు వేలికి చిన్నగా టక్కుమని తెలుస్తుంది. అప్పుడు కుడివైపు తిప్పండి. గుండీ వంకరగా కనిపించినా, తిప్పీ తిప్పకముందే పట్టేసినా మర అడ్డంగా ఎక్కినట్టే. విప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఆగినచోట వదిలేయండి. పటకారుతో బిగిస్తే మర అరిగిపోతుంది, లోపలి గ్యాస్కెట్ నలిగిపోతుంది.

మురికంతా పేరుకునేది చైనులోనే. చెమట, చర్మం పొట్టు, దుమ్ము కలిసి లింకుల మధ్య నల్లగా కడతాయి. వీలైతే చైను విడదీయండి. అలవాటు లేనివాళ్లు రిపేరు షాపులో తీయించుకోవడం మేలు. స్ప్రింగ్ పిన్నులు ఎగిరిపోతే దొరకవు. చేతికి కాస్త వెచ్చగా తగిలే గిన్నెడు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, చైనును పావుగంట నాననివ్వండి. పిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో లింకుల మధ్య, తాళం లోపల తోమి, మంచినీళ్లలో జాడించండి. టూత్‌పేస్టు, బూడిద వద్దు. మెరుగు మీద గీతలు పడతాయి. చైను ఊడదీయకపోతే తాళం విప్పి, రెండు కొసలే నీళ్లలో ముంచి, వాచీ పైనే ఉండేలా పట్టుకోండి.

వాచీకి తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డ చాలు. గుండీ కింది మట్టిని చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. సూది వద్దు. నూనె అసలే వద్దు, దుమ్ము పట్టేస్తుంది. శుభ్రం చేసేటప్పుడు గుండీ విప్పకండి, లాగకండి. తర్వాత పొడిగుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండ, హెయిర్‌డ్రయ్యరు అక్కర్లేదు.

ఇక తాతగారి నాటి హెచ్‌ఎంటీ లాంటి కీ ఇచ్చే వాచీల సంగతి. వాటి గుండీకి సాధారణంగా బిగించే మర ఉండదు. ఉన్న గ్యాస్కెట్ కూడా ఎప్పుడో గట్టిపడి ఉంటుంది. వాటికి నీళ్లు చూపించొద్దు. చైను తీసి కడగండి, వాచీని గుడ్డతో తుడవండి. కొత్త వాచీకైనా వెనక మూత మీది అంకెను పూర్తిగా నమ్మకూడదు. అది కొన్ననాటి మాట. బ్యాటరీ మార్చడానికి మూత తీసిన ప్రతిసారీ గ్యాస్కెట్ చూడమనండి, అవసరమైతే మార్పించండి.

అద్దం లోపల మంచుపొర కనిపిస్తే? బియ్యంలో పెట్టి ఎదురుచూడొద్దు. తేమ ఉన్నంతసేపూ లోపల తుప్పు పడుతూనే ఉంటుంది. ఉప్పునీళ్లయితే మరీ. ఆ రోజే మెకానిక్కుకి చూపించాలి. మాస్టారు మర్నాడే బీసెంట్ రోడ్డుకి వెళ్లి విప్పించి, ఆరబెట్టించి, కొత్త గ్యాస్కెట్ వేయించారు. వాచీ దక్కింది. ఇప్పుడాయన నీళ్ల దగ్గరికి వెళ్లేముందు గుండీని ఓసారి తడిమి చూసుకుంటున్నారు.