కొండ తవ్వొద్దంటే ఖజానా కట్టాలా?

మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోజూ నడిచే కూలీకి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. రోడ్డు వెడల్పు కోసం దుకాణం ముందు పదడుగులు కొట్టేస్తే అది ఆస్తిని తీసుకోవడమే. దానికి నష్టపరిహారం ఇవ్వాలి. అందులో వాదన లేదు. కాని ఒక్క ఇటుక కూడా కదలకుండా, ఈ వీధిలో ఇక వ్యాపారం చేయరాదని ఆర్డరు వస్తే? దుకాణం ఆయనదే, తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది, సరుకు మాత్రం అమ్ముకోలేడు. ఇక మూడో సంగతి. కుళ్లిన మాంసం వండి పెడుతున్నాడని హోటలుకు సీలు వేస్తే యజమానికి నష్టమే. అయినా ఆయనకు పరిహారం ఇమ్మని ఎవరూ అడగరు.

మొదటిది ప్రత్యక్ష స్వాధీనం. రెండోదాన్ని పరోక్ష స్వాధీనం అంటారు. మూడోది పోలీసు అధికారాల సూత్రం కిందికి వస్తుంది. పోలీసు అన్నారు కదా అని లాఠీ, ఠాణా అనుకోవద్దు. ప్రజల ఆరోగ్యాన్ని, భద్రతను, పర్యావరణాన్ని కాపాడటానికి ప్రభుత్వానికి సహజంగా ఉండే కట్టడి అధికారం అని దాని అర్థం. రెండోదానికీ మూడోదానికీ నడుమ గీత ఎక్కడ గీయాలి? విదేశీ పెట్టుబడుల ఒప్పందాల కింద నడిచే దావాల్లో కోట్ల డాలర్ల తగాదా అంతా దీని మీదే. ఆ తగాదా మన విశాఖ మన్యం దాకా వచ్చింది.

2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా పాలకులతో బాక్సైట్ ఒప్పందం చేసుకుంది. మన్యం కొండల్లో ఖనిజాన్ని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వాలి. మాకవరపాలెం దగ్గర పెట్టే అన్‌రాక్ ఫ్యాక్టరీకి దాన్ని అందించాలి. ఆ ఫ్యాక్టరీలో రాస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ రాకియాకు వాటా ఉంది. తవ్వకం సర్కారు చేతుల మీదుగా ఎందుకు పెట్టారు? షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు కింద ఇవ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తలుపు మూసుకుంటే కిటికీ వెతికారన్నమాట.

గిరిజనులు ఒప్పుకోలేదు. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లను తవ్వకాలకు మళ్లించే జీవో 97 వచ్చింది. మన్యం భగ్గుమంది. సర్కారు వెనక్కి తగ్గి జీవోను పక్కన పెట్టింది. 2019లో దాన్ని పూర్తిగా రద్దు చేశారు. కొండ కొండగానే మిగిలింది. కాని ఫ్యాక్టరీకి ఇస్తామన్న ఖనిజం రాలేదు, సరఫరా ఒప్పందం రద్దయింది. 2013లో భారత్, యు.ఎ.ఇ. కుదుర్చుకున్న పెట్టుబడుల ఒప్పందాన్ని పట్టుకుని రాకియా 2016లో భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ దావా వేసింది. అడిగిన సొమ్ము సుమారు 4.47 కోట్ల డాలర్లు. మాట ఇచ్చింది రాష్ట్రమైనా ప్రతివాది మాత్రం దేశమే.

ఇలాంటి దావాలను తూచే రాళ్లు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండవు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒక రాయి ఫలితాన్ని మాత్రమే చూస్తుంది. సర్కారు ఎందుకు చేసిందో అనవసరం, పెట్టుబడిదారు ఎంత పోగొట్టుకున్నాడన్నదే లెక్క. 2000లో మెటల్‌క్లాడ్ అనే అమెరికా కంపెనీ మెక్సికో మీద ఇలాగే గెలిచింది. విషపు చెత్త పూడ్చే స్థలానికి కేంద్ర అధికారులు సరేనన్నారు, మునిసిపాలిటీ పర్మిటు ఇవ్వలేదు. తర్వాత అరుదైన నాగజెముళ్ల రక్షణ కోసమని గవర్నరు ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. ఆ ప్రకటన ఉద్దేశం ఏమిటో తాము చూడనక్కరలేదని ట్రిబ్యునల్ తేల్చేసింది. మెక్సికో 1.67 కోట్ల డాలర్లదాకా కట్టాల్సివచ్చింది.

రెండో రాయి ఉద్దేశాన్ని చూస్తుంది. 2005లో మెథనెక్స్ అనే కెనడా కంపెనీ అమెరికా మీద వేసిన దావా ఓడిపోయింది. తాగునీటిని పాడుచేస్తోందని పెట్రోలులో కలిపే ఒక రసాయనాన్ని కాలిఫోర్నియా నిషేధించింది. ప్రజాహితం కోసం, వివక్ష లేకుండా, పద్ధతి ప్రకారం చేసిన కట్టడి స్వాధీనం కాదు, పరిహారమూ లేదు అన్నారు. ఇదే పోలీసు అధికారాల సూత్రం. అయితే దానికో మెలిక ఉంది. ఆ కట్టడి పెట్టబోమని సర్కారు ముందుగా ఆ కంపెనీకే ప్రత్యేకంగా మాట ఇచ్చి ఉంటే లెక్క మారుతుంది.

ఈ రెంటి నడుమ మూడో పద్ధతి త్రాసు లాంటిది. సాధించిన ప్రజాహితం ఎంత, ఒక్కడి నెత్తిన పడ్డ భారం ఎంత అని తూస్తారు.

మన్యం కథకు అచ్చంగా అన్నదమ్ముల్లాంటి కేసు పెరూ దేశంలో ఉంది. పూనో ప్రాంతంలో వెండి గని తవ్వడానికి బేర్ క్రీక్ అనే కెనడా కంపెనీకి 2007లో ప్రభుత్వం ప్రత్యేక డిక్రీతో అనుమతి ఇచ్చింది. అక్కడి ఐమరా ఆదివాసులు రోడ్ల మీదికి వచ్చారు. 2011 జూన్‌లో ప్రభుత్వం ఆ డిక్రీని రద్దు చేసింది. 2017లో తీర్పు వచ్చింది. ఇది పరోక్ష స్వాధీనమే అన్నారు. పోలీసు అధికారాలను ఎత్తిచూపితే, ఒప్పందంలో మినహాయింపుల పట్టిక ఉంది, అందులో లేనిదాన్ని బయటినుంచి తేలేమన్నారు. ఆదివాసుల అలజడిని కంపెనీయే తెచ్చుకుందన్న వాదన కూడా నిలవలేదు. ఒక్క మాత్రం ఊరట. కంపెనీ అడిగింది 52.2 కోట్ల డాలర్లు. గనిలో తవ్వకమే మొదలవలేదు, రాబోయే లాభం ఊహ మాత్రమే గనక, నిజంగా ఖర్చు పెట్టిన 1.82 కోట్లే ఇప్పించారు. ఫిలిప్ శాండ్స్ అనే ఒక న్యాయనిర్ణేత మాత్రం, ప్రజల సమ్మతి సంపాదించలేకపోవడంలో కంపెనీ తప్పూ ఉంది, అందులో సగం తగ్గించాలని విడిగా రాశాడు.

దీన్నిబట్టి మనం తెలుసుకోవలసిందేమిటి? ఆదివాసులు వద్దన్నందువల్ల పెరూ ఓడలేదు. వాళ్లనడగకముందే సర్కారు కంపెనీకి రాతపూర్వకంగా మాట ఇచ్చి, తర్వాత ఆ కంపెనీని పిలిచి వినకుండానే ఆ మాటను చెరిపేసింది. అక్కడ పట్టుబడింది.

మన దేశం 2015లో తెచ్చిన మాదిరి ఒప్పందంలో ఈ గీతను కొంత గట్టిగా గీసుకుంది. కంపెనీకి నష్టం వచ్చిందన్న ఒక్క కారణం చాలదంది. ఆరోగ్యం, భద్రత, పర్యావరణం కోసం వివక్ష లేకుండా పెట్టే కట్టడి స్వాధీనం కాదంది. యు.ఎ.ఇ.తో 2024లో కొత్త ఒప్పందం జరిగింది. దాని ప్రకారం పెట్టుబడిదారు ముందు మూడేళ్లు మన కోర్టుల్లోనే తేల్చుకోవాలి. ఇవి మేలే. కాని అదే మాదిరి ఒప్పందం, ముందు రాసిచ్చిన వాగ్దానాన్ని సర్కారు తప్పిందా అని కూడా చూడమంటుంది. అంటే మెలిక పోలేదు, చిన్నదైంది.

కాబట్టి ఏ కొండ మీద, ఏ బీడు మీద కంపెనీ బోర్డు లేచినా, మన సంఘాలు అడగాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. కంపెనీతో సర్కారు ఏమని రాసుకుంది? ఏ తేదీన? గ్రామసభ తీర్మానం అంతకు ముందుదా, తర్వాతదా? గ్రామసభ ఒప్పుకుంటేనే అన్న షరతు ఆ కాగితంలో ఉందా? షరతు ఉంటే, రేపు సర్కారు ఆపినా కంపెనీకి పరిహారం అడిగే దారి ఇరుకవుతుంది. షరతు లేకపోతే ఆ సొమ్ము ఖజానా నుంచి, అంటే మనం కట్టే పన్నుల్లోంచి పోతుంది. రద్దు చేసేటప్పుడు కూడా కారణాలు, నీటి ఊటల నివేదికలు, గ్రామసభ మాటలు ఆర్డరులోనే రాయించాలి. కంపెనీ వాదన విన్నట్టు రికార్డు ఉండాలి. ఊరేగింపుకు లొంగి రద్దు చేశామన్న ఒక్క వాక్యంతో తేల్చేస్తే, గెలిచిన పోరాటానికి బిల్లు మళ్లీ మన పేరనే వస్తుంది.