నూటికి ఏడు రూపాయల వడ్డీ: పొదుపు ఖాతాకు ఏడాదికి అయ్యే అసలు ఖర్చు

బ్యాంకు ఖాతాలోంచి ఒకసారి 17 రూపాయలు, ఒకసారి 27 రూపాయలు, ఇంకోసారి నాలుగు వందల చిల్లర పోతాయి. ఒక్కో కోతకూ ఒక్కో ఎస్సెమ్మెస్ వస్తుంది. జీతం పడిన సందేశం కోసం ఎదురుచూసే మనిషి వాటిని చదవకుండానే పక్కకు తోసేస్తాడు. ఇవన్నీ కలిపి ఏడాదికి ఎంతయిందో చెప్పే కాగితం మాత్రం ఏ బ్యాంకూ తనంతట తాను చేతికివ్వదు. ఆ లెక్క ఖాతాదారే వేసుకోవాలి. వేసుకుంటే వచ్చే అంకె చిన్నది కాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో పనిచేసే సేల్స్‌మన్. నెల జీతం 18 వేలు. ప్రైవేటు బ్యాంకులో అతనికున్నది మామూలు పొదుపు ఖాతా, జీతం ఖాతా కాదు. అందులో నెలవారీ సగటు నిల్వ 10 వేలు ఉండాలి. తగ్గితే లోటు మీద 6 శాతం గానీ 600 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది జరిమానా. దాని మీద 18 శాతం జీఎస్టీ. పెద్ద ప్రైవేటు బ్యాంకుల పట్టికల్లో అటూ ఇటూగా ఇలాంటి షరతులే కనిపిస్తాయి.

ఇక్కడ చాలామంది పొరబడేది సగటు నిల్వ అనే మాట దగ్గర. ఖాతాలో ఎప్పుడో ఒకప్పుడు 10 వేలు ఉంటే చాలనుకుంటారు. ఎప్పుడూ 10 వేలకు తగ్గకూడదని ఇంకొందరు అనుకుంటారు. రెండూ కావు. ప్రతిరోజూ లావాదేవీలు ముగిశాక ఖాతాలో మిగిలిన మొత్తాలను నెలంతా కూడి, నెలలో ఉన్న రోజులతో భాగించాలి. పొద్దున పడి సాయంత్రానికి ఖర్చయిన డబ్బు ఈ లెక్కలోకి రానే రాదు.

మన సేల్స్‌మన్ నెల మొదటి నాలుగు రోజులు వెయ్యి రూపాయలతో నెట్టుకొస్తాడు. అయిదో తేదీన 18 వేలు పడతాయి. అదే రోజు ఇంటి అద్దె, బండి వాయిదా కలిపి 8 వేలు పోతాయి. రాత్రికి మిగిలేది 11 వేలు, అది తొమ్మిదో తేదీ దాకా నిలుస్తుంది. పదో తేదీన ఇంటికి 4 వేలు పంపితే 7 వేలు మిగులుతాయి. పదిహేనున మరో 3 వేలు పోగా 4 వేలు. ఇరవయ్యో తేదీకి మళ్లీ వెయ్యికి దిగుతుంది. ముప్పై రోజుల నిల్వలన్నీ కూడితే 1,25,000. ముప్పైతో భాగిస్తే సగటు 4,167 రూపాయలు. లోటు 5,833. అందులో 6 శాతం 350 రూపాయలు, జీఎస్టీ 63. మొత్తం 413. ప్రతినెలా ఇదే తీరుగా సాగితే ఏడాదికి 4,956 రూపాయలు.

ఈ కోతను మన ఊళ్ల వడ్డీ భాషలో చెప్పుకుంటే దాని అసలు బరువు తెలుస్తుంది. 6 శాతం, జీఎస్టీ కలిపి లోటు మీద నెలకు 7.08 శాతం. అంటే నూటికి ఏడు రూపాయల వడ్డీ, ఏడాదికి 85 శాతం. నూటికి రెండు రూపాయలకు అప్పిచ్చే వ్యాపారిని జనం వడ్డీ మనిషి అంటారు. నూటికి అయిదు తీసుకుంటే రక్తం తాగుతున్నాడంటారు. ఆ వ్యాపారి కనీసం డబ్బు చేతికిచ్చి వడ్డీ అడుగుతాడు. బ్యాంకు ఇచ్చిందేమీ లేదు. ఖాతాదారు తన దగ్గర లేని డబ్బుకు ఈ రేటు కడుతున్నాడు. ఆ 5,833 రూపాయల లోటును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఖాతాలో పడేసినా ఏడాదికి అయ్యే వడ్డీ 1,400. జరిమానా దానికి మూడున్నర రెట్లు.

సగటు లెక్కలో ఇంకో విడ్డూరం ఉంది. ముప్పై రోజుల నెలలో 10 వేల సగటుకు కావలసిన మొత్తం కూడిక 3 లక్షలు. మూడు లక్షల రూపాయలు ఒక్క రాత్రి ఖాతాలో ఉంచి, మర్నాడే తీసేసినవాడు నెలంతా షరతు నెరవేర్చినట్టే. నెల పొడుగునా తొమ్మిది వేలు కదలకుండా ఉంచినవాడు తప్పినట్టు. షరతు పేరుకు పొదుపు మీద, పనిచేసేది మాత్రం చేతిలో పెద్ద మొత్తం ఆడేవాడికి అనుకూలంగా.

ఇక ఏటీఎం. సొంత బ్యాంకు యంత్రంలో నెలకు అయిదు లావాదేవీలు ఉచితం. వేరే బ్యాంకు యంత్రమైతే ఆరు మెట్రో నగరాల్లో మూడే, మిగతా ఊళ్లలో అయిదు. ఆ ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. విజయవాడలో, వరంగల్‌లో, విశాఖలో ఉన్నవారికి అయిదు దొరుకుతుంటే హైదరాబాద్ వాసికి మూడుతోనే సరి. పరిమితి దాటాక లావాదేవీకి గరిష్ఠంగా వసూలు చేయదగిన మొత్తాన్ని రిజర్వ్ బ్యాంక్ 2022 జనవరిలో 21 రూపాయలకు, 2025 మే 1 నుంచి 23 రూపాయలకు పెంచింది. జీఎస్టీతో అది 27 రూపాయల 14 పైసలు. 500 నోటు ఒక్కటి తీసుకుంటే అందులో అయిదు శాతానికి మించి అక్కడికక్కడే పోయినట్టు.

వేరే బ్యాంకు యంత్రంలో నిల్వ ఎంతుందో చూసుకోవడం కూడా ఆ మూడింటిలో ఒకటిగా లెక్కకొస్తుంది. నెలాఖరులో ఎంత మిగిలిందో తెలియక రెండుసార్లు చూసుకున్నవాడికి ఉచితంగా డబ్బు తీసుకునే అవకాశం ఒక్కటే మిగులుతుంది. చిన్న మొత్తాలు మాటిమాటికీ తీసుకునేవాడు, ఎంతుందో చూసి మరీ తీసుకునేవాడు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. మన సేల్స్‌మన్ నెలకు రెండుసార్లు పరిమితి దాటితే ఏడాదికి 651 రూపాయలు. ఖాతాలో చాలినంత లేక యంత్రం తిప్పికొడితే చాలా బ్యాంకులు దానికీ వసూలు చేస్తాయి. ఒక్కోసారికి 25 రూపాయలు, జీఎస్టీ అనుకుంటే, ఏడాదిలో మూడుసార్లకు 88.50. యంత్రంలో నోట్లు లేకనో, సాంకేతిక లోపం వల్లనో ఆగిన లావాదేవీని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2019 ఆగస్టులోనే స్పష్టం చేసింది.

మిగిలినవి రెండు. డెబిట్ కార్డు వార్షిక రుసుము 200 అనుకుంటే జీఎస్టీతో 236. ఎస్సెమ్మెస్‌లకు మూడు నెలలకు 15 చొప్పున అయితే పన్నుతో ఏడాదికి 71 రూపాయలు.

అన్నీ కూడితే 6,003 రూపాయలు. సగటున 4,167 రూపాయల నిల్వ మీద రెండున్నర శాతం చొప్పున బ్యాంకు అతనికిచ్చిన వడ్డీ 104. అది తీసేస్తే నికరంగా పోయింది దాదాపు 5,900. ఖాతాలో ఏడాది పొడుగునా సగటున ఉన్న డబ్బుకన్నా ఖాతా నడిపినందుకు పోయిన డబ్బే ఎక్కువ. అది అతని పది రోజుల జీతం. అందులో ఆరింట అయిదు వంతులు కనీస నిల్వ జరిమానాదే కాబట్టి, ఏటీఎం దగ్గర ఎంత జాగ్రత్తపడినా లెక్క పెద్దగా మారదు.

కనీస నిల్వ ఉంచగలిగినవాడికీ ఖర్చు లేకపోలేదు. అది స్టేట్‌మెంట్‌లో కనిపించదంతే. పొదుపు ఖాతాలో కదలకుండా పడున్న 10 వేలకు రెండున్నర శాతం చొప్పున 250 రూపాయలు వస్తాయి. అదే మొత్తం ఆరు శాతం వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే 600 వచ్చేవి. అతను వదులుకున్నది 350 రూపాయలు. ఒకే షరతుకు ఉన్నవాడు కట్టే వెల 350, లేనివాడు కట్టే వెల 4,956. కనీస నిల్వ నియమం మీద పెట్టవలసిన అసలు అభ్యంతరం ఇదే.

ఖాతా నడపడానికి బ్యాంకుకూ ఖర్చవుతుందన్న వాదనలో నిజం ఉంది. శాఖ, సిబ్బంది, యంత్రం, కార్డు, ఏదీ ఊరికే రాదు. కానీ ఆ ఖర్చు లోటును బట్టి మారదు. వెయ్యి తగ్గినవాడి ఖాతాకూ, ఎనిమిది వేలు తగ్గినవాడి ఖాతాకూ బ్యాంకుకయ్యే ఖర్చు ఒకటే. జరిమానా మాత్రం ఒకరికి 60, ఇంకొకరికి 480. రిజర్వ్ బ్యాంక్ 2014 నవంబర్ 20న ఇచ్చిన ఉత్తర్వులో ఈ చిక్కుముడి ఉంది. జరిమానా లోటుపై నిర్ణీత శాతంగా ఉండాలని అది చెప్పింది. సేవల సగటు ఖర్చుకు పొంతన లేకుండా ఉండకూడదనీ అదే చెప్పింది. బ్యాంకులు మొదటి మాటను పట్టుకున్నాయి, రెండో మాటను నిలదీసేవారు లేరు. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు కొత్త ఖాతాలకు మెట్రోల్లో 50 వేల సగటు నిల్వ ప్రకటించి, విమర్శలు రాగానే 15 వేలకు తగ్గించింది. ఎంత ఉండాలన్నది బ్యాంకుల ఇష్టమేనని రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సంజయ్ మల్హోత్రా అప్పుడే చెప్పారు.

మొత్తంగా ఇది ఎంత పెద్ద ఆదాయమో పార్లమెంటులో ప్రభుత్వం ఇచ్చిన జవాబులే చెబుతాయి. 2020-21 నుంచి అయిదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులే కనీస నిల్వ జరిమానాల కింద దాదాపు 8,933 కోట్లు వసూలు చేశాయి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే ఈ జరిమానా ఎత్తేసింది. 2025 వేసవి, వానాకాలాల్లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా సాధారణ పొదుపు ఖాతాలకు అదే దారి పట్టాయి. జరిమానా లేకుండా పెద్ద బ్యాంకు నడవగలదనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఐరోపాలో బ్యాంకులు ఏడాదికి ఒక్కసారైనా ఖాతాదారుకు ఛార్జీలన్నీ కలిపిన పత్రం ఉచితంగా ఇవ్వాలి. అక్కడి 2014 నాటి చట్టం ఆ బాధ్యత పెట్టింది. మన బ్యాంకులు ఏటా వడ్డీ సర్టిఫికెట్ ఇస్తూనే ఉన్నాయి. అందులోనే ఏడాది ఛార్జీల మొత్తం ఒక వరుసగా చేర్చమని రిజర్వ్ బ్యాంక్ ఆదేశిస్తే కొత్తగా అయ్యే ఖర్చు నామమాత్రం.

అంతవరకు చేయగలిగింది ఏప్రిల్ నుంచి మార్చి దాకా స్టేట్‌మెంట్ తీసుకుని, ఛార్జీ అని గానీ జీఎస్టీ అని గానీ ఉన్న ప్రతి డెబిట్‌నూ ఒక కాగితం మీదకెక్కించడం. కనీస నిల్వ జరిమానా కనిపిస్తే అడగవలసిన మొదటి ప్రశ్న, ముందుగా నోటీసు వచ్చిందా అని. నిల్వ తగ్గిందని చెప్పి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువిచ్చాకే కోత వేయాలన్నది అదే 2014 ఉత్తర్వు. జరిమానాల వల్లనే ఖాతా సున్నా కిందికి దిగకూడదు. రెండేళ్లు లావాదేవీలు లేక నిద్రాణమైన ఖాతాకు కనీస నిల్వ జరిమానా వేయనే కూడదు. వీటిలో ఏది తప్పినా శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in ద్వారా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

మన సేల్స్‌మన్ లాంటివారికి మాత్రం ఫిర్యాదుకన్నా ఖాతా మార్పే మేలు. కనీస నిల్వ అడగని బేసిక్ పొదుపు ఖాతా ప్రతి బ్యాంకూ ఇవ్వాలి. అందులో ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉంచుకోకూడదన్నది ఒక షరతు. నెలకు నాలుగుసార్లు సరిపోతాయా అన్నది ఎవరికి వారు తమ స్టేట్‌మెంట్ చూసి తేల్చుకోవలసిన విషయం. పైన లెక్కలోని సేల్స్‌మన్‌కు సరిపోకపోయినా, ఏడాదికి 4,956 రూపాయల కోత ఒక్కసారిగా ఆగుతుంది.