వాచీ మింగేసిన చివరి అక్షరం

ఈ మధ్య మన ఇళ్లలో చేతి వాచీలు కూడా మెసేజీలు పంపుతున్నాయి. చేతులకి పిండి అంటి ఉన్నా, బస్సులో నిలబడి ఉన్నా, మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని రెండు మాటలంటే అవే అక్షరాలై వెళ్లిపోతాయి. ఫోను లాక్ తీయకుండానే, తెర మీద కనిపించిన మెసేజీకి మైకు నొక్కి జవాబు చెప్పడమూ ఇలాంటిదే. సౌకర్యమే, కాదనను. కానీ అలా వచ్చిన తెగిన ముక్కకి చదివేవాళ్లు సొంతంగా తోక తగిలించకూడదంటాను. తెలుగులో అయితే మరీను.

ఎందుకంటే, మనం కాసేపు ఆగితే చెప్పడం అయిపోయిందనుకుంటుంది ఆ మైకు. ఎవరో పిలిచారని తల తిప్పినా చాలు, అక్కడితో వినడం మానేయొచ్చు. అంటే పోయేది ఎక్కువగా వాక్యం చివరే. మన భాషలో అసలు సంగతంతా ఉండేది అక్కడే కదా! చేశామా చేయలేదా, ఎవరు చేశారు, చెబుతున్నామా అడుగుతున్నామా, అన్నీ చివరి క్రియలోనే. "మేం రాము అనుకోవద్దు" అన్న మాట మధ్యలో తెగితే "మేం రాము" అవుతుంది. అది చదివి అవతల వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. చెప్పినావిడేమో వంటకి మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

అలకలైతే మర్నాటికి తీరతాయి. మందుల విషయం అలా కాదు. ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు ఉన్నారనుకుందాం. సాయంత్రం ఆరింటికి బయటికెళ్లిన పెద్దామె వాచీ నుంచి రాత్రి తొమ్మిదింటికి చిన్నామెకి ఇలా వచ్చింది: "మామయ్యకి రాత్రి మాత్ర వేశా". చూడ్డానికి పూర్తి వాక్యమే. నేను వేశాను అనే అర్థం. కానీ ఆమె అన్నది "వేశావా" అయ్యుండి, ఆ ఒక్క "వా" రాకపోతే? అప్పుడది ప్రశ్న. మొదటి అర్థం తీసుకుంటే మాత్ర ఇవ్వరు. రెండో అర్థం తీసుకుంటే ఇస్తారు. ఒకటి తప్పితే మాత్ర మానేసినట్టు, ఇంకోటి తప్పితే రెండుసార్లు పడ్డట్టు. షుగరు మాత్రల్లో కొన్ని రెండుసార్లు పడితే షుగరు బాగా పడిపోయి మనిషి చెమటలు పట్టి, వణికి, స్పృహ తప్పొచ్చు కూడా.

ఇక్కడ చిన్నామె చూడాల్సింది మెసేజీని కాదు, చుట్టూ ఉన్నవాటిని. మామయ్య భోంచేసింది ఎనిమిదిన్నరకి. భోజనం తరవాత వేయాల్సిన మాత్రని ఆరింటికే వెళ్లినామె వేసి ఉంటుందా? తరవాత మాత్రల అట్ట చూడాలి. రాత్రికి ఒకటే మాత్ర, పది మాత్రల అట్ట సోమవారం రాత్రి మొదలైంది, ఇవాళ గురువారం. ఇవాళ్టిది వేయకపోతే ఏడుండాలి, వేసుంటే ఆరు. ఏడు ఉన్నాయి. అంటే అది ప్రశ్నే అయ్యుండాలి. అయినా ఈ లెక్కతోనే మాత్ర ఇచ్చేయకూడదు. పెద్దామె వేరే అట్టలోంచి తీసిందేమో. మామయ్యనే అడగాలి, పెద్దామెకి ఫోను చేసి గొంతు వినాలి. అప్పటికీ తేలకపోతే ఇంకో మాత్ర వేయకుండా డాక్టరుకి ఫోను చేయాలి.

ఫోను కలవకపోతే మెసేజీ పెట్టే తీరులో కూడా జాగ్రత్త ఉంది. "సరే అక్కా" అంటే ఏమీ తేలదు. "మీరు వేశారా, నన్ను అడిగారా?" అంటే వాచీ నుంచి "అవును" అని వస్తుంది, దేనికి అవునో తెలీదు. "నేను వేయలేదు. మీరు వేశారా?" అనడం మేలు. ముందు మన సంగతి చెప్పి, తరవాత ఒక్కటే అడిగితే జవాబు "వేశాను" అనో "లేదు" అనో ఒక్క మాటలో వస్తుంది. ఒక్క మాట తెగే అవకాశం తక్కువ.

ఇంకో చిక్కు, వాచీ ఇంగ్లీషులో వింటుంటే మన తెలుగు వేరే వేషం వేసుకుని వస్తుంది. "పాలు" అంటే Paul అని పడొచ్చు. అలాంటివి పైకి చదివితే శబ్దాన్ని బట్టి దొరుకుతాయి. అంకెల్ని మాత్రం అలా ఊహించొద్దు. "పది" అని ఉంటే అది పదే కావచ్చు, సగంలో తెగిన పదిహేను కావచ్చు.

ఇక చెప్పేవాళ్లకి నాదొక మాట. మన భాషలో క్రియని ముందుకి తెచ్చినా వాక్యం చెడదు. "వేయలేదు నేను, మామయ్యకి, రాత్రి మాత్ర" అనండి. తెగితే మాత్ర పేరు తెగుతుంది, "వేయలేదు" మిగులుతుంది. "వేశావా నువ్వు" అనండి. "నువ్వు" పోయినా అడిగినట్టే ఉంటుంది.