మెస్ కార్డు మీద రాసిన ధర వేరు, మనం తినే ధర వేరు

ఈ సంవత్సరం కోచింగ్ కోసం, పీజీ కోసం హైదరాబాద్ వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "అన్నా, మెస్ పెట్టుకుంటే మంచిదా, రూమ్‌లో వండుకుంటే మంచిదా? ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుంటే ఎంతయితది?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మేము నలుగురం పోయిన ఏడాది పడ్డ తిప్పలు, రాసుకున్న లెక్క ఇక్కడ పెడుతున్నం. మేము ఉట్నూరు, జైనూర్ వైపు పిల్లలం. ఆశ్రమ పాఠశాలలో, హాస్టల్‌లో పెరిగినవాళ్లం కాబట్టి గంట కొడితే ప్లేటు పట్టుకొని పోవుడే తెలుసు. తిండికి లెక్క ఉంటదని రూమ్ తీసుకున్నాకే తెలిసింది.

మొదట మెస్ సంగతి. మా గల్లీలో ఉన్న మెస్‌లో నెల కార్డు 3,600 రూపాయలు. మధ్యాహ్నం, రాత్రి కలిపి 60 టోకెన్లు ఇస్తరు. కార్డు లేకుండా పోయి తింటే ప్లేటు 80. 60 టోకెన్లతో భాగిస్తే పూటకు 60 రూపాయలే పడుతున్నదని సంతోషపడి నలుగురం కార్డు తీసుకున్నం. ఆ నెలలోనే దండారి వచ్చింది. దీపావళి ముందు ఊర్లో దండారి ఆడుతుంటే మనం ఇక్కడ రూమ్‌లో కూర్చోలేం కదా, ఏడు రోజులు ఇంటికి పోయినం. అంటే 14 టోకెన్లు. కోచింగ్‌లో టెస్టు పెట్టి ఆలస్యమై మెస్ మూసేసిన రోజులు కలిపి ఇంకో 4. కార్డు గడువు 30 రోజులే, మిగిలిన టోకెన్లు వచ్చే నెలకు చెల్లవు అన్నడు మెస్ ఆయన.

తిన్నది 42 పూటలు, కట్టింది 3,600. పూటకు 85 రూపాయల పైనే పడింది. కార్డు లేకుండా పూట పూటకూ 80 ఇచ్చి తిన్నా 3,360తో అయిపోయేది. చవక అని తీసుకున్న కార్డే మాకు ఎక్కువ పడింది.

అందుకే మా మొదటి మాట: కార్డు ధరను టోకెన్లతో కాదు, ప్లేటు ధరతో భాగించండి. 3,600ను 80తో భాగిస్తే 45. ఈ నెలలో 45 పూటలు తప్పకుండా అక్కడ తింటం అనుకుంటేనే కార్డు తీసుకోవాలె, లేకుంటే వద్దు. పండుగ నెలలో, సెలవుల నెలలో, ఇంటి దగ్గర పెండ్లి ఉన్న నెలలో మనం 45 దాటం. మీ దగ్గర కార్డు ధర, ప్లేటు ధర వేరే ఉండొచ్చు, భాగించే పద్ధతి మాత్రం ఇదే.

మెస్ ఆయన మీద కోపం పెట్టుకోవాల్సిన పని లేదు. ఆయన పొద్దున్నే ఎంతమంది వస్తరో లెక్క వేసుకొని బియ్యం కడుగుతడు. మనం రాకపోతే ఆ అన్నం మిగిలి ఆయనకూ నష్టమే. అందుకే రెండోసారి మేము డబ్బు కట్టకముందే మాట్లాడినం. ఊరికి పోయేది రెండు రోజుల ముందు చెప్తం, వరుసగా మూడు రోజులకు మించి లేకపోతే ఆ టోకెన్లు వచ్చే నెలకు మార్చాలె అన్నం. ఒప్పుకున్నడు. కట్టినంక అడిగితే ఒప్పుకోడు, కట్టకముందే అడగాలె.

ఇక ఆర్డర్ల ముచ్చట. నెలంతా ఎవరూ ఆర్డర్ పెట్టుకోరు, మేము కూడా అట్లనే అనుకున్నం. కానీ మాలో ఒకడు టెస్ట్ సిరీస్ నెలలో రాత్రి పూట ఆర్డర్ చేసిన బిల్లులు అన్నీ తీసి కూడితే 20 రాత్రులకు 4,300 వచ్చింది. నెల మొత్తం రెండు పూటల మెస్ కంటే 20 రాత్రి భోజనాలు ఎక్కువ అయినయి. బిల్లు విప్పి చూస్తే తెలిసింది. ఫ్రైడ్ రైస్ 150, ప్యాకింగ్ 15, డెలివరీ, యాప్ ఫీజు కలిపి 40, పైన పన్ను. మొత్తం 215. పది నిమిషాలు నడిచి అదే హోటల్‌కు పోతే బోర్డు మీద దాని ధర 130.

వాడిని మేము తిట్టలేదు, ఎందుకంటే వాడు చెప్పిన మాటలో నిజం ఉంది. "నా దగ్గర ఏ రోజూ 3,600 ఒక్కసారి లేవు రా. రెండొందలు ఉన్న రోజులు మాత్రం చాలా ఉన్నయి" అన్నడు. అసలు చిక్కు అక్కడే ఉంది. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడ్తదో తెల్వదు. ఇంటి నుంచి వచ్చే డబ్బు పత్తి అమ్మినప్పుడో, అన్న కూలి డబ్బులు పంపినప్పుడో కొంచెం కొంచెంగా వస్తది. మెస్‌కు ముందే మొత్తం కట్టాలె, ఆర్డర్‌కు మాత్రం ఆ పూట డబ్బులు ఉంటే చాలు. చేతిలో డబ్బు ముక్కలు ముక్కలుగా వచ్చేవాడే అన్నిటికంటే ఖరీదైన తిండి తింటున్నడు. ఇది పొదుపు తెలియకపోవడం కాదు, డబ్బు వచ్చే తీరు అట్లుంది.

దీనికి మేము పట్టుకున్న ఉపాయం డబ్బా. నలుగురం ప్రతి ఆదివారం తలా 500 డబ్బాలో వేస్తం. నెలకు 8,000 అయితది. నెల కట్టలేనివాడు కూడా వారానికి 500 ఎట్లనో అట్ల తెస్తడు. ఒక వారం ఒకడు వేయలేకపోయినా మిగతా ముగ్గురి డబ్బుతో వంట ఆగదు, వాడు పై వారం కలిపి వేస్తడు.

ఆ డబ్బాతో రెండు పూటలు వండుకున్న నెల లెక్క ఇది. బియ్యం 42 కిలోలు పట్టింది. అందులో 24 కిలోలు రేషన్ బియ్యం. కార్డులో మా నలుగురి పేర్లూ ఉన్నయి, తలా 6 కిలోల లెక్కన మా వాటా ఊరికి పోయినప్పుడు సంచిలో తెచ్చుకుంటం. అంతకు మించి ఇంట్ల నుంచి తేవద్దని నియమం పెట్టుకున్నం, ఎందుకంటే అమ్మా నాన్నల వాటా తెచ్చుకొని ఇక్కడ "బియ్యం ఫ్రీ" అనుకుంటే వాళ్లు అక్కడ కొనుక్కోవాల్సి వస్తది. మిగిలిన 18 కిలోలు కొంటే 900. వారానికి 500 కూరగాయలు అంటే 2,000. రోజూ తలా ఒక గుడ్డు, 800. నాలుగు ఆదివారాలు చికెన్, 960. పప్పు 500, నూనె 600, కారం, పసుపు, చింతపండు గిట్ల 500, పెరుగు 400. ఐదు కిలోల చిన్న సిలిండర్లు రెండు, 1,200. మొత్తం 7,860. తలా 1,965. పూటకు 33 రూపాయలు పడింది, అందులో గుడ్డు కూడా ఉంది.

ఈ లెక్క చూసి "ఇంకేంది, వండుకుందాం" అనకండి. ఇందులో రాయని ఖర్చు ఒకటి ఉంది. మొదటి నెల మేము వంతులు పెట్టుకోలేదు. "తమ్ముడివి కదా" అనుకుంట మాలో చిన్నవాడితోనే బియ్యం కడిగించినం, కూర తరిగించినం, గిన్నెలు తోమించినం. పొద్దున గంటన్నర, రాత్రి గంట. నెలాఖరుకు మాక్ టెస్టులో మా ముగ్గురికీ మార్కులు పెరిగినయి, వాడికి తగ్గినయి. అప్పుడు గాని మాకు సిగ్గు అనిపించలేదు. మాకు పూటకు 33 పడ్డది వాడి చదువు గంటలు తిని.

అక్కాచెల్లెళ్లు ఉన్న రూమ్‌లలో ఇది ఇంకా ఎక్కువ. అన్న, చెల్లె ఒకే రూమ్‌లో ఉండి ఒకే పరీక్షకు చదువుతుంటరు. వంట మాత్రం చెల్లెదే. "మాకు తిండి ఖర్చు తక్కువ" అని అన్న గర్వంగా చెప్తడు. ఆమె రోజుకు రెండున్నర గంటలు లెక్కలోకి రావు. వంతు లేని వంట చవక కాదు, ఎవరో ఒకరి మీద పడిన అప్పు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. గోడకు కాగితం అంటించినం. ఈ రోజు వండినవాడు గిన్నెలు ముట్టడు, రేపు వండాల్సినవాడు ఈ రోజు తోముతడు. గిన్నెలు మురికిగా ఉంటే రేపు వాడికే ఇబ్బంది కాబట్టి ఎవరూ ఎగ్గొట్టరు. పొద్దున అన్నం, పప్పు లేదా కూర ఒకేసారి వండి మధ్యాహ్నానికి బాక్స్ కట్టుకుంటం. రాత్రికి అన్నం ఒక్కటే పెడ్తం.

రాత్రి కూర సంగతి ఆ రోజును బట్టి. టైమ్ ఉంటే గుడ్డు పొరుటు, పచ్చి పులుసు. పరీక్ష దగ్గరపడితే కర్రీ పాయింట్. పప్పు ఒక ప్యాకెట్, కూరలు రెండు తెస్తే మా దగ్గర 100 అయితది. నలుగురికి తలా 25, అన్నం పది రూపాయల లోపే. అంటే 35తో పూట గడుస్తది, వంట పని కుక్కర్ పెట్టుడు ఒక్కటే. గ్యాస్ పొయ్యి వద్దనే ఓనర్ దగ్గర ఉన్నవాళ్లకు కూడా కరెంటు కుక్కర్‌తో ఇది నడుస్తది, ముందే ఓనర్‌ను అడిగి పెట్టుకోండి. కాకపోతే కర్రీ పాయింట్ కూరలో నూనె ఎక్కువ, పప్పు పలుచన. నెలంతా దాని మీదే ఉంటే కడుపు మండుతది. వారానికి రెండు మూడు రాత్రులకు మించి మేము తేము. ఆర్డర్ మాత్రం జ్వరం వచ్చిన రోజుకు ఉంచుకున్నం.

చివరగా హాస్టల్ సీటు ఉన్నవాళ్లకు ఒక మాట. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాలేజీ హాస్టళ్ల మెస్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100 చేసింది. అంటే రోజుకు 70 రూపాయలు, టిఫిన్‌తో కలిపి. రేషన్ బియ్యం తెచ్చుకొని, కూలి లేకుండా మనమే వండుకుంటే రెండు పూటలకే మాకు రోజుకు 65 అయింది. అంతకుముందు 50 రూపాయలతో హాస్టల్‌లో ఏం పెట్టి ఉంటరో మన పల్చటి చారుకు తెలుసు. పెంచింది మంచిదే, కానీ ధరలు ప్రతి సంవత్సరం పెరుగుతయి, చార్జీలు ఏండ్ల తరబడి ఆగుతయి. ఏటా ధరలతో పాటు మార్చాలని అడగడం మన హక్కు. అడిగేటప్పుడు ఇట్ల కిలోలతో, రూపాయలతో కాగితం మీద పెట్టి అడగాలె.

అందుకే, అన్నం బాగలేదని సీటు వదిలి రూమ్‌కు వచ్చేముందు ఆగండి. రూమ్ కిరాయి, 1,965, మీ వంతు వంట గంటలు మూడూ కలిపి చూసుకోండి. సీటు ఉంచుకొని మెస్ కమిటీలో కూర్చోండి, స్టాక్ రిజిస్టర్ చూపించమని అడగండి. ఒక్కరు పోతే వార్డెన్ పట్టించుకోకపోవచ్చు, పదిమంది కలిసి పోండి. సీటు దొరకనివాళ్లు మాత్రం ముందు డబ్బా కొనండి, తర్వాత కుక్కర్ కొనండి. వంతుల కాగితం మొదటి రోజే గోడకు అంటించండి.

జై ఆదివాసీ.