నేల తాకాకే అసలు దూకుడు

మా తమ్ముడి కొడుకు పోయిన ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. యానిమేషన్ ఉద్యోగానికి ఒక కంపెనీ వాళ్లు టెస్టు ఇచ్చారట. ఒక పిల్లాడు పరుగెత్తుకుంటూ వచ్చి, మురికి కాలవ దూకి, అవతలి గట్టున ఆగి వెనక్కి తిరిగి చూడాలి. అంతే, ఐదు సెకన్లు. ఇదే కుర్రాడు ఇంతకుముందు రెండు చోట్ల ఇలాంటి టెస్టులోనే ఆగిపోయాడు. రెండుసార్లూ వచ్చిన జవాబు ఒకటే: ‘బరువు లేదు’.

“బరువు లేదంటే ఏంటి పెదనాన్నా? బొమ్మకి బరువెక్కడ్నుంచి తేను?” అన్నాడు. పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ని కదా, కాఫీ పక్కన పెట్టి షాట్ ఆడించమన్నాను.

బొమ్మ చక్కగా వేశాడు. ముఖంలో కళ కూడా ఉంది. కానీ పరుగులో ప్రతి రెండడుగులకీ ఒక చిన్న కుదుపు, గ్రామఫోను రికార్డు మీద గీత పడ్డట్టు. ఇది నాకు పాత స్నేహితుడే. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు లెక్క. వాడు పదహారు ఫ్రేముల్లో రెండడుగుల పరుగు వేశాడు. ఒకటో ఫ్రేములో ఎడమ కాలు నేల తాకుతుంది, తొమ్మిదిలో కుడి కాలు, పదిహేడులో మళ్లీ ఎడమ కాలు. పదిహేడోది ఒకటో ఫ్రేముకి నకలే. చుట్టూ తిప్పి ఆడించేటప్పుడు ఒకటి నుంచి పదహారు వరకే ఆడించాలి. వీడు పదిహేడు కూడా ఆడించాడు. అదే భంగిమ రెండు ఫ్రేములు నిలబడేసరికి పరుగు తడబడింది. ఆ చివరి నంబరు మార్చగానే కుదుపు పోయింది.

పరుగులో ఇంకో లోపం కూడా ఉంది గానీ అది తొందరగానే సర్దాం. కాలు నేల తాకిన చోటే నడుము అన్నిటికన్నా కిందికి దిగింది. నిజానికి తాకిన తరువాత రెండు ఫ్రేములకి, అంటే మూడో ఫ్రేములో మోకాలు ఒంగి, బరువు పూర్తిగా పడి, అప్పుడు నడుము అడుగుకి చేరాలి. ఐదులో కాలు నేలని తన్నాలి. ఏడులో రెండు కాళ్లూ గాల్లో ఉండాలి. నడకకీ పరుగుకీ తేడా అదేగా, నడకలో ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది.

ఇక దూకుడు. వీడి కష్టమంతా ఇక్కడే ఉంది. నడుము దగ్గర ఒక చుక్క పెట్టి, అది ప్రతి ఫ్రేములో ఎక్కడుందో తెర మీద గుర్తులు వేయమన్నాను. సాఫ్ట్‌వేరులో దీనికి సదుపాయం ఉంది, కానీ మేం నేర్చుకున్న రోజుల్లో మానిటరు గాజు మీదే చెరిగిపోయే పెన్నుతో పెట్టేవాళ్లం. చుక్కలన్నీ కలిపితే గీత వంపుగానే వచ్చింది. “ఆర్క్ బాగానే ఉంది కదా!” అన్నాడు. వంపు బాగానే ఉందిరా, చుక్కల మధ్య దూరాలు చూడు అన్నాను. అన్నీ దాదాపు సమానం. బెలూను అలాగే పైకెళ్లి దిగుతుంది. మనిషి అలా దిగడు.

కాగితం తీసుకుని లెక్క వేశాం. పిల్లాడు గాల్లో ఉండేది పద్నాలుగు ఫ్రేములు, పైకి ఏడు, కిందికి ఏడు. భూమి లాగే వేగం ప్రకారం ఏడు ఫ్రేముల్లో పడే ఎత్తు 42 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. శిఖరం నుంచి మొదటి ఫ్రేములో ఒక సెంటీమీటరు కూడా దిగడు, 0.85 మాత్రమే. రెండో ఫ్రేములో దానికి మూడింతలు, తరువాత ఐదింతలు, ఏడింతలు, అలా బేసి సంఖ్యల్లో పెరుగుతూ చివరి ఫ్రేములో పదమూడింతలు, అంటే 11 సెంటీమీటర్లు. పైన చుక్కలు కిక్కిరిసి, కింద విడిపోయి ఉండాలి. ముందుకు పోయే దూరం మాత్రం ప్రతి ఫ్రేముకీ సమానమే. గాల్లో తోసేవాళ్లెవరూ లేరు, ఆపేవాళ్లూ లేరు.

ఇంత చేశాక కూడా దిగడం లిఫ్టు దిగినట్టే ఉంది. “భూమి ఆకర్షణ పెట్టాం కదా, ఇంకేం కావాలి?” అని మొహం ముడుచుకున్నాడు. అప్పుడు దిగే భంగిమని పెద్దది చేసి చూపించాను. పాదం గట్టు తాకిన 54వ ఫ్రేములోనే మోకాళ్లు పూర్తిగా ఒంగి ఉన్నాయి. తాకడం, కుంగడం రెండూ ఒకే ఫ్రేములో అయిపోయాయి. నడుముకి అదే అన్నిటికన్నా కింది స్థానం కాబట్టి సాఫ్ట్‌వేరు అక్కడ గీతని తనంతట తాను చదును చేసింది. అంటే బొమ్మ నేల తగలకముందే బ్రేకు వేసుకుంటోంది. బరువు పోయింది ఇక్కడే.

తాకే ఫ్రేములో కాళ్లు దాదాపు చాచి ఉండాలి. పూర్తిగా కర్రలా చాపకూడదు, చాపితే తరువాతి ఫ్రేములో మోకాలు టప్పున విరిగినట్టు కనిపిస్తుంది. పాదాలు నడుముకన్నా కాస్త ముందుండాలి, ముందుకొచ్చే వేగాన్ని ఆపేవి అవే. పాదాలు ఆగుతాయి, నడుము ఆగదు. గాల్లో చివరి ఫ్రేములో 11 సెంటీమీటర్లు పడిన నడుము, తాకాక మొదటి ఫ్రేములో ఇంకో 10 దిగాలి, తరువాత 6, తరువాత 3, ఆపైన 1. మొత్తం 20 సెంటీమీటర్లు. 58వ ఫ్రేముకి అడుగుకి చేరుతుంది. అక్కడి నుంచి లేవడానికి పది ఫ్రేములు తీసుకోమన్నాను. కిందికి నాలుగు, పైకి పది. రెండూ సమానంగా పెడితే స్ప్రింగు బొమ్మ అవుతుంది.

నడుము అడుగుకి చేరేసరికి తల ఇంకా దిగుతూనే ఉండాలి, దాని వంతు రెండు ఫ్రేముల తరువాత. చేతులు అంతకన్నా ఆలస్యం. లావుపాటి మనిషైతే కుంగుడు ఇంకా లోతుగా, లేవడం ఇంకా నెమ్మదిగా పెడతాం. ఇంకో సంగతి, ముందుకొచ్చే వేగం ఈ నాలుగు ఫ్రేముల్లో చావదు. అందుకే లేస్తూ లేస్తూ ఒక అడుగు ముందుకు వేయించాం. దాంతో వెనక్కి తిరిగి చూడటానికి కారణం కూడా దొరికింది వాడికి. దుమ్ము లేపుదామా అన్నాడు. వద్దన్నాను. దుమ్ము లేకుండా బరువు తెలిస్తే అప్పుడు వేసుకో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ ఆడించాడు. దూకాడు, దిగాడు. పక్కన పత్రిక చదువుకుంటున్న మా ఆవిడ తలెత్తి “అబ్బా, కాళ్లు జివ్వుమనుంటాయి” అంది. వాడు నావైపు చూశాడు, నేనేం మాట్లాడలేదు.

చేతుల సంగతి మాత్రం ఇంకా మిగిలింది. దూకేటప్పుడు మణికట్టు వంపుగా కాకుండా కింది నుంచి పైకి గీత గీసినట్టు తిన్నగా పోతోంది. ఎలా పోవాలో చూసుకుంటానని ఫోను నా చేతికిచ్చి, సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములకి మార్చి తీయమని డాబా ఎక్కాడు. మామూలుగా ఫోను ముప్ఫై తీస్తుంది, ఆ లెక్కతో ఫ్రేములు ఎంచితే అన్నీ తప్పుతాయి. ఆరోసారి దూకేసరికి కింది వాటాలో ఉండే పెద్దావిడ బయటికొచ్చి, పైకప్పు పెచ్చులూడి అన్నంలో పడుతున్నాయని కేకేసింది. ఏడోసారి మెల్లగా దూకాడు. అది పనికిరాలేదు.