‘పదకొండుకి వస్తా సార్’ అని ఇక రాయొద్దు
ఫీల్డ్ సేల్స్ మిత్రులకు, వారి మేనేజర్లకు విజ్ఞప్తి



జీడిమెట్లలో ఏ ఫ్యాక్టరీ పర్చేజ్ మేనేజర్ ఫోనైనా చూడండి. “గుడ్ మార్నింగ్ సార్, రేపు 11కి వస్తాను” అనే మెసేజ్ నాలుగైదుసార్లు కనిపిస్తుంది, పంపిన కంపెనీలే వేరు. ఆయన దాన్ని నమ్మడం ఎప్పుడో మానేశాడు. నమ్మడు కాబట్టి గేటుకు మన పేరు చెప్పి ఉంచడు. చెప్పి ఉంచడు కాబట్టి సెక్యూరిటీ లోపలికి ఫోన్ చేసి, ఆయన ఎత్తేదాకా మనల్ని బెంచీ మీద కూర్చోబెడతాడు. ఆ బెంచీ మీద పోయిన టైమే తర్వాతి కస్టమర్ దగ్గర ఆలస్యంగా తేలుతుంది. మనం తిట్టేది మాత్రం ట్రాఫిక్‌ని.

బేరింగులు, బెల్టులు అమ్మే ఒక కుర్రాడి రోజు లెక్క వేద్దాం. బాలానగర్‌లో 10, జీడిమెట్లలో 11, పటాన్‌చెరులో 12, మధ్యాహ్నం అక్కడే ఇంకో రెండు. రాత్రి తొమ్మిదికి ఇంట్లో కూర్చుని మ్యాప్ చూసి ఈ టైములు పంపాడు. మొదటి తప్పు అక్కడే జరిగింది. రాత్రి తొమ్మిదికి మ్యాప్ చూపించేది ఆ పూట రోడ్డుని, రేపు ఉదయం పదిన్నర రోడ్డుని కాదు. బయల్దేరే టైం మార్చి చూస్తే ‘ఇంత నుంచి ఇంత’ అని రెండు అంకెలు ఇస్తుంది. అందులో పెద్ద అంకె తీసుకోవాలి. మనవాళ్లు చిన్నదాన్నే నమ్ముతారు, ఆశ అలాంటిది.

రెండో తప్పు ఇంకా పెద్దది. మ్యాప్ చెప్పేది గేటు నుంచి గేటుకి పట్టే సమయం. మన పని కుర్చీ నుంచి కుర్చీకి. మాట అరగంటలో అయిపోయినా “ఒక టీ తాగి వెళ్లు” అంటారు, శాంపిల్స్ సర్దుకోవాలి, పాస్ మీద సంతకం చేయించుకోవాలి, బండి దాకా నడవాలి. దానికి పది నిమిషాలు. అవతలి గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, ల్యాప్‌టాప్ నంబరు, కొన్నిచోట్ల ఫోన్ కెమెరా మీద స్టిక్కరు. దానికి పావుగంట. దారి ఇరవై నిమిషాలే అనుకున్నా, ఒక కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి తర్వాతి కుర్చీలో కూర్చునేదాకా గంటంబావు అవుతుంది. బాలానగర్‌లో పదికల్లా మాట మొదలుపెట్టినా, ఎక్కడా ఏ అడ్డూ రాకపోయినా, జీడిమెట్లలో కూర్చునేది 11:15కి. అంటే ‘11కి వస్తాను’ అన్నది టైప్ చేస్తున్నప్పుడే అబద్ధం. అక్కడి నుంచి పటాన్‌చెరుకు గంట దారి వేసుకుంటే ఒంటిగంట దాటాక చేరతాడు, అప్పటికి ఆ సార్ భోజనానికి వెళ్లి ఉంటాడు.

మేం కోరే మార్పు ఒక్కటే. మెసేజ్‌లో ఒక టైం కాదు, రెండు టైముల మధ్య ఎడం ఇవ్వండి, ఆ ఎడాన్ని లెక్కతో ఇవ్వండి. మొదటి అంకె అన్నీ సవ్యంగా జరిగితే చేరే టైం. రెండోది, ముందు కస్టమర్ దగ్గర మాట పావుగంట ఎక్కువ సాగి, దారిలో ఇంకో పావుగంట పోతే చేరే టైం. జీడిమెట్లకు అది 11:15 నుంచి 11:45. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

“నమస్కారం సార్. రేపు ఉదయం 11:15–11:45 మధ్య మీ దగ్గర ఉంటాను. కొత్త బెల్టుల రేట్ల గురించి అరగంట పని. బాలానగర్‌లో బయల్దేరేముందు మెసేజ్ పెడతాను. గేటుకు నా పేరు చెప్పి ఉంచగలరా? 11:45 దాటేలా ఉంటే ముందే ఫోన్ చేసి, మీకు వీలైన వేరే టైం అడుగుతాను.”

ఎంతసేపు పని అన్నది తప్పక రాయండి. అరగంట అని తెలిస్తే ఆయన తర్వాతి పని పెట్టుకోగలడు. మనకూ లేవడానికి ఒక మర్యాదైన దారి దొరుకుతుంది. బయల్దేరేముందు పెట్టే మెసేజ్‌లో “పది నిమిషాల్లో ఉంటా” అని రాయకండి. ఆయన దాన్ని పావుగంట తర్వాత చూస్తే, ఎప్పటి పది నిమిషాలు? “11:30కి గేటు దగ్గర ఉంటాను” అనండి. బండి నడుపుతూ మాత్రం వద్దు.

ఇప్పుడు పటాన్‌చెరు సంగతి. దాన్ని భోజనం తర్వాతకి జరపాలి, కానీ రెండింటికి పెట్టకూడదు. మూడు షిఫ్టులు నడిచే చాలా ఫ్యాక్టరీల్లో రెండింటికే షిఫ్టు మారుతుంది. ఒక షిఫ్టు లోపలికి, ఒక షిఫ్టు బయటికి, ఆ గేటులో మన పాస్ రాసే తీరిక ఎవరికీ ఉండదు. రెండున్నర మంచిది. జీడిమెట్లలో బాగా ఆలస్యమై 12:25కి బయటపడినా, దారికి గంటా ఇరవై పట్టినా, పావు తక్కువ రెండుకి అక్కడుంటాం. అరగంట భోజనం, పావుగంట గేటు, సరిగ్గా రెండున్నర. పొద్దుట పోగైన ఆలస్యమంతా ఈ భోజనపు ఖాళీలో కరిగిపోతుంది. అందుకే ఎంత పని ఉన్నా దీన్ని మింగేయకూడదు. మధ్యాహ్నం రెండో విజిట్‌కి మళ్లీ 3:40–4:10 అని ఎడం ఇవ్వాలి. ఐదో కస్టమర్‌కి వేరే రోజు అడగాలి.

“మా సార్ ఖచ్చితమైన టైమే అడుగుతాడు” అనేవాళ్లున్నారు. అడగనివ్వండి. ఖచ్చితంగా చెప్పగలిగే టైములు రోజుకు రెండే: ఉదయం మొదటిది, భోజనం తర్వాత మొదటిది. ఆ రెంటికీ ముందు ఆలస్యం మోసుకొచ్చే విజిట్ లేదు, లేదా ఉన్నా ఖాళీ దాన్ని తినేసింది. పట్టుదల ఉన్న కస్టమర్లకు ఆ రెండూ ఇవ్వండి. మూడో ఖచ్చితమైన టైం అడిగితే మర్యాదగా “ఎల్లుండి ఉదయం పదికి వస్తాను సార్” అనండి.

ఎడం ఎంత ఉండాలో మీ బీట్ మీకే నేర్పుతుంది. చెప్పిన టైం పక్కన, కుర్చీలో కూర్చున్న టైం రెండు వారాలు రాసుకోండి. ఎప్పుడూ మొదటి అంకెకే చేరుతుంటే ఎడం తగ్గించొచ్చు. తరచూ రెండో అంకె దాటుతుంటే రోడ్డుని అనుమానించే ముందు మీ మాటల నిడివి చూసుకోండి. చాలామందికి పోయేది అక్కడే. వానాకాలంలో మాత్రం రోడ్డునే అనుమానించండి.

మేనేజర్లకూ ఒక మాట. “దారిలోనే కదా, అక్కడా ఒకసారి తొంగిచూసి రా” అని మీరు పదకొండింటికి చేసే ఫోను ఆ భోజనపు ఖాళీనంతా మింగేస్తుంది. గేటు, రిజిస్టరు, టీ అన్నీ కలిపితే దారిలో ఉన్న విజిట్ కూడా ముప్పావుగంట. రోజుకు ఎన్ని విజిట్లు అని అడిగే రిపోర్టులో, చెప్పిన ఎడంలో చేరినవి ఎన్ని అనే గడి కూడా చేర్చండి.

ఇది పర్చేజ్ మేనేజర్ల చేతికీ వస్తే, వారికి మనవి: టైము ఎడంగా ఇచ్చిన మనిషిని ‘ఇదేం టైమయ్యా’ అని కొట్టిపారేయకండి. గేటుకు అతని పేరు ముందే చెప్పి ఉంచండి.

ఇట్లు,
బాలానగర్ – జీడిమెట్ల – పటాన్‌చెరు దారిలో తిరిగే కొందరు సేల్స్ ఉద్యోగులు